చెప్పకుండా ఫీల్డ్ పేరు మార్చేశారు, రైతులకు ధర సున్నా అని వెళ్లింది. మీరు ఎలా పట్టుకుంటున్నారు?

యార్డు_ధరలు
గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల మిర్చి ధరలు రోజూ పొద్దున్నే రైతుల ఫోన్లకు పంపే చిన్న సర్వీసు మాది. డేటా ఇచ్చే సంస్థ నిన్న రాత్రి `modal_price` ను `modalPrice` చేసింది. మెయిల్ లేదు, వాళ్ల పేజీలో నోటీసూ లేదు. స్టేటస్ 200 వస్తూనే ఉంది, మా లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. తేజ రకం ధర సున్నా అని మెసేజ్‌లు వెళ్లిపోయాయి. మా లైను ఇది:

```python
p = row.get("modal_price", 0)
```

ఇలాంటి మార్పును మెసేజ్ వెళ్లకముందే ఎలా పట్టుకోవాలి? పాడైన రోజు డేటాను వెనక్కి ఎలా తెచ్చుకోవాలి? వీ1ను త్వరలో ఆపేస్తారని ఇంకో కస్టమర్ అంటున్నాడు, అది నిజమో కాదో తేల్చుకునే దారి ఉందా?

కృష్ణా_కోడర్
ఆ లైన్లో సున్నాయే అసలు సమస్య అండీ. ధర తెలియకపోవడం వేరు, ధర సున్నా కావడం వేరు. `row["modal_price"]` అని రాసి ఉంటే రాత్రే కీఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోయేది, మీకు ఫోన్ మోగేది. మాకు ఇంకో రకంగా తగిలింది. నంబర్‌గా వచ్చే ధర ఒకరోజు `"14,500"` అని కామాతో స్ట్రింగ్‌గా వచ్చింది. మా వెబ్‌పేజీలో జావాస్క్రిప్ట్ `parseFloat` ఉంది. అది కామా దగ్గర ఆగిపోయి 14 అని ఇస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. అదే `Number` వాడితే `NaN` వచ్చేది, కనీసం తేడా కనిపించేది.

సీనియర్_ఆర్కిటెక్ట్
పదిహేనేళ్లుగా బ్యాంకులకు ఇంటిగ్రేషన్లు చేస్తున్నాను. దీనికి ఒకటే మందు, జేసన్ స్కీమా. `additionalProperties` ను `false` పెట్టండి. తెలియని ఫీల్డ్ ఒక్కటి వచ్చినా రెస్పాన్స్ మొత్తం తిరస్కరించండి. ఇంత చిన్న విషయానికి చర్చ కూడా అవసరం లేదు.

ఖమ్మం_కుర్రాడు
అన్నా, నాది వేరే బాధ. మా ఆండ్రాయిడ్ యాప్ నేరుగా వాళ్ల ఏపీఐనే పిలుస్తుంది. సర్వర్ ఉంటే ఒక్కచోట మార్చుకోవచ్చు, యాప్‌ను ఎలా మార్చాలి? సగం మంది పాత వెర్షనే వాడుతున్నారు, అప్‌డేట్ చేసుకోరు. వీ1 పోతే వాళ్లందరికీ తెల్ల స్క్రీనే.

కృష్ణా_కోడర్
@సీనియర్_ఆర్కిటెక్ట్ గారూ, స్కీమా మంచిదే, `false` మాత్రం వద్దు. కొత్త ఫీల్డ్ కలపడం ఎవరైనా చేస్తారు, దానివల్ల పాత కోడ్‌కు నష్టం లేదు. వాళ్లు రేపు `grade` అని ఒకటి కలిపితే మీ పద్ధతిలో మూడు యార్డుల ధరలూ ఆగిపోతాయి. మనకు కావాల్సిన ఫీల్డులు ఉన్నాయా, వాటి రకం సరిగ్గా ఉందా అన్నంతవరకే గట్టిగా పట్టుకోవాలి. కొత్తవి కనిపిస్తే లాగ్‌లో రాసుకుంటే చాలు, ఎందుకంటే పేరు మారినప్పుడు పాతది పోవడం, కొత్తది రావడం ఒకేసారి జరుగుతాయి. ఆ లాగ్ చూస్తే నిమిషంలో అర్థమవుతుంది.

సీనియర్_ఆర్కిటెక్ట్
మీరు ధరల యాప్ దృష్టితో మాట్లాడుతున్నారు. డబ్బు కదిలే చోట అనుమానం వస్తే ఆపడమే న్యాయం.

కృష్ణా_కోడర్
ధర చూసి రైతు సరుకు అమ్ముకుంటాడు. అక్కడా డబ్బే కదులుతోంది. దయచేసి చిన్నచూపు వద్దు.

హన్మకొండ_రవి
నేను రెండు పేర్లూ చదువుతున్నాను. పాతది లేకపోతే కొత్తది:

```python
p = row.get("modal_price") or row.get("modalPrice")
```

ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు. దీనికి ఇంత గొడవ ఎందుకు?

నర్సాపురం_డేటా
రవి గారూ, పేరు మారితే సరే, పేరు అలాగే ఉండి అర్థం మారితే? మాకు ఒక పంటకు క్వింటాలు ధర వచ్చే చోట కిలో ధర రావడం మొదలైంది. అదే ఫీల్డ్, అదే నంబర్ రకం, స్కీమా పాస్. దాన్ని పట్టుకునేది ఒక్క విలువల పరీక్షే. మేం చేసేది ఇది: ఈరోజు వచ్చిన ప్రతి యార్డు ధరనూ అదే యార్డు, అదే రకం నిన్నటి ధరతో భాగిస్తాం. ఒక్క యార్డులో సగానికి పడితే అది మార్కెట్ వార్త కావచ్చు, మనిషి చూడాలి. అన్ని యార్డుల్లోనూ ఒకేరోజు భాగఫలం 0.01 దగ్గర నిలిస్తే అది మార్కెట్ కాదు, యూనిట్ మారింది. 14,500 ఉన్నది 145 అవుతుంది, 13,800 ఉన్నది 138 అవుతుంది. పరీక్ష తప్పితే ఆరోజు కొత్త ధర రాయం, పాత ధరనే తేదీతో చూపిస్తాం.

గుంటూరు_రైతుబిడ్డ
పాత ధర చూపించడం నాకు నచ్చలేదు. మా నాన్న మెసేజ్‌లో అంకె చూస్తాడు, తేదీ చూడడు. మొన్నటి ధర నమ్మి యార్డుకు బండి కట్టుకొని వెళ్తే కిరాయి ఎవరిస్తారు? ధర తెలియకపోతే ‘ఈరోజు ధర అందలేదు’ అని పంపండి.

నర్సాపురం_డేటా
అలా పంపితే ఆ రోజు దళారి చెప్పిందే ధర అవుతుంది. పాత ధర చేతిలో ఉంటే కనీసం బేరమాడతాడు.

గుంటూరు_రైతుబిడ్డ
దళారికి ఈరోజు ధర తెలుసు, రైతుకు మొన్నటిది తెలుసు. దాన్ని బేరం అంటారా? యార్డులో ఒక్కరోజు నిలబడి చూడండి, తర్వాత చెప్పండి.

హన్మకొండ_రవి
ఇద్దరూ కాస్త తగ్గండి. అంకె లేకుండా ‘ధర అందలేదు, నిన్నటి ధర కోసం 1 పంపండి’ అనొచ్చు కదా.

టెక్సాస్_తెలుగు
వీ1 ఆపే విషయం ఎవరూ ముట్టుకోలేదు. రెస్పాన్స్ హెడర్లు చూడండి. ఫలానా తేదీన ఆపుతున్నాం అని చెప్పే `Sunset` హెడర్ 2019లో ఆర్ఎఫ్‌సీ 8594గా వచ్చింది, `Deprecation` హెడర్ 2025లో ఆర్ఎఫ్‌సీ 9745గా వచ్చింది. పద్ధతి ప్రకారం నడిచే సంస్థలు ఇంకా చాలా చేస్తాయి. గిట్‌హబ్ 2020 నవంబర్‌లో ఏపీఐకి పాస్‌వర్డ్ లాగిన్ తీసేసే ముందు, కొన్ని గంటలపాటు కావాలనే ఆపి చూపించింది. మెయిల్ చదవనివాళ్లకు కూడా అలా తెలిసింది.

యార్డు_ధరలు
చూశానండీ, రెండు హెడర్లూ లేవు. మెయిలే పంపని సంస్థ హెడర్ పెడుతుందని ఆశించలేం.

కృష్ణా_కోడర్
అయితే దారి మళ్లింపు చూడండి. కొందరు వీ1ను మూయకుండా 301తో వీ2కి పంపేస్తారు. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ `get` చేసినప్పుడు అడగకుండానే దాని వెంట వెళ్తుంది, చివరికి మీకు 200 కనిపిస్తుంది. శుభ్రంగా 410 ఇచ్చి ఉంటే మనకు తెలిసేది.

```python
print(r.url, [h.status_code for h in r.history])
```

పాడైన రోజు డేటా సంగతికొస్తే, వచ్చిన రెస్పాన్స్‌ను ముట్టుకోకుండా ముందు ఫైల్‌గా దాచి, తర్వాతే విడదీయండి. జీజిప్ చేస్తే చోటు పెద్దగా పట్టదు. అలా దాచి ఉంటే కోడ్ సరిచేసి ఆ ఫైల్‌నే మళ్లీ నడపొచ్చు, వాళ్లను అడగక్కర్లేదు.

ఖమ్మం_కుర్రాడు
నా యాప్ గురించి ఎవరూ చెప్పలేదు.

నర్సాపురం_డేటా
తమ్ముడూ, మధ్యలో నీ సొంత సర్వర్ ఒకటి పెట్టు. వచ్చే వెర్షన్ నుంచి యాప్ దాన్నే పిలవాలి, ఫీల్డుల పేర్లు నువ్వు పెట్టినవే ఉండాలి. పాత వెర్షన్ వాడేవాళ్లకు మాత్రం వీ1 ఉన్నంతవరకే. అందుకే అది పోకముందే ఆ మార్పు చెయ్యి.

యార్డు_ధరలు
@కృష్ణా_కోడర్ గారూ, మీ లైను నడిపాను. `[301]` వచ్చింది, చివరి అడ్రసులో `/v2/` ఉంది. అంటే ఆపబోవడం కాదు, నిన్న రాత్రే వీ1 పోయింది. ఫీల్డ్ పేరు మార్పు కూడా అందులో భాగమే. ముడి ఫైళ్లు దాచడం ఈరోజు నుంచి మొదలుపెట్టాను, సున్నాకు బదులు ఎర్రర్ పెట్టాను. ఇప్పుడు వీ2లో తేదీ `04/05` అని వస్తోంది. ముందు నెలా, ముందు రోజా? వాళ్ల డాక్యుమెంటేషన్‌లో లేదు.

నర్సాపురం_డేటా
వీ2లో పాత తేదీల డేటా అడగండి. ఏ నెలైనా 12 తర్వాతి రోజుది ఒక్కటి దొరికితే చాలు. `25/04` వస్తే రోజు ముందు, `04/25` వస్తే నెల ముందు. రెండు రకాలూ కలిసి వస్తే మాత్రం ఇక్కడ మళ్లీ రాయండి, మాకు అలాగే వచ్చింది.