ప్రిన్సిపాల్ గారు లెటర్ వెనక్కిచ్చేశారు, ఎలా మార్చి రాయాలి?

మాది అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ. సైన్స్ బ్లాక్ డాబా మీద పడే వాన నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించాలని మా ఎకో క్లబ్ ఆలోచన. అనుమతి, 38,000 రూపాయలు అడుగుతూ లెటర్ ఇచ్చాం. ఒకటిన్నర పేజీలో పేజీ అంతా నీటి గొప్పతనమే! ఇప్పుడు చదివితే మాకే నవ్వొస్తోంది. "దేనికెంత? తర్వాత చూసుకునేదెవరు?" అని సార్ వెనక్కిచ్చేశారు.

మళ్లీ రాస్తున్నాం. డాబా 400 చదరపు మీటర్లు, ఇక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఐదో వంతు వృథా పోయినా 1,76,000 లీటర్లు గుంతలోకి చేరతాయని ఒక్క లైన్లో పెట్టాం. తవ్వకానికి 14,000, పైపులకు 11,000, కంకర, ఇసుకకు 8,000, తొలి వాన మురికిని బయటికి వదిలే వాల్వుకు, ఫిల్టరుకు 5,000. కొటేషన్లు జత చేస్తున్నాం. ఏటా వానలకు ముందు డాబా, ఫిల్టరు శుభ్రం చేసే పని రెండో సంవత్సరం వాళ్లదని రాశాం.

నా సందేహం: అనుమతి, డబ్బు ఒకే లెటర్లో అడగాలా? డబ్బు దగ్గర ఆగితే అనుమతి కూడా ఆగిపోతుందని టెన్షన్. డబ్బు మా చేతికి వద్దు, బిల్లు చూసి నేరుగా షాపుకే చెల్లించండి అని రాయొచ్చా? ఇలాంటి లెటర్ పాస్ చేయించుకున్నవాళ్లు ఉంటే, ఆ పేరా ఎలా రాశారో చెప్పండి.