అప్‌డేట్: పైన నూనె తేలిన పీనట్ బటర్ సంగతి

నేనడిగింది: "ఎప్పుడో ఓపెన్ చేసిన పీనట్ బటర్ డబ్బాలో పైన నూనె తేలి ఉంది, కలిపి తినొచ్చా పారేయాలా?"

పారేసినా. నూనె తేలినందుకు కాదు లెండి, లేబుల్ చూస్తే ఉత్త వేయించిన చెనక్కాయలు, ఉప్పు అంతే, నూనెని పట్టి ఉంచే స్టెబిలైజర్ ఏం లేదు, ఇంక తేలక ఏమవుతుంది. కానీ నా ప్రశ్నకి జవాబిచ్చిన ఒక అక్క "కలిపేముందే వాసన చూడు" అనింది కదా, అది భలే పనికొచ్చింది, ఎందుకంటే గాలి తగిలేది పైన నూనెకే, ముందు చెడేదీ అదే. పొడి స్పూన్‌తో కొంచెం తీసి చూస్తే పెయింట్ డబ్బా మూత తీసినట్టు వాసన. అడుగున గట్టి ముద్ద తవ్వి చూస్తే అది పర్లేదు, చెనక్కాయల వాసనే, కానీ నాలుక్కి రాసుకుంటే వెనకాలే చేదు, ఉమ్మేసినా.

మా అమ్మయితే "నూనె వంపేసి అడుగుది వాడుకో" అనింది (చిత్తూరోళ్ళకి చెనక్కాయ పారేయాలంటే చేతులు రావు), కానీ చేదు కిందికీ దిగినాక ఏం లాభం, పైగా నూనె వంపేస్తే మిగిలేది బ్రెడ్ మీద పూయడానికి కూడా రాని పొడి ముద్ద. బూజు కనబడుంటే ఇంత చూసేదాన్నే కాదు, బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటే పైపైన గీకేసినా వేడి చేసినా పోదు.

ఇప్పుడు చిన్న డబ్బా కొన్నా, తెరవకుండా రాత్రంతా తలకిందులు పెట్టి, పొద్దున అడుగుదాకా కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసినా, తిరుపతి ఎండలకి బయట షెల్ఫ్‌లో పెట్టేది లేదింక.