మొదటి చప్పట్లు కలిశాయి, చివరి చప్పట్లు 6 ఫ్రేములు తప్పాయి

భీమిలిలో ఒక బుర్రకథను రికార్డు చేశాం. కెమెరా 25 ఫ్రేములు, ఒకే క్లిప్, 42 నిమిషాలు. ధ్వని విడిగా చిన్న రికార్డర్‌లో, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్. మొదట్లో, చివర్లో కెమెరా ముందు చప్పట్లు కొట్టించాను.

అరచేతులు తాకిన ఫ్రేముకు, వేవ్‌ఫామ్‌లో నిటారుగా లేచిన గీతను కలిపాను. మొదలు సరిగ్గా కుదిరింది. 21వ నిమిషంలో గుమ్మెట దెబ్బ కనబడిన 3 ఫ్రేముల తర్వాత వినిపిస్తోంది. చివరి చప్పట్లకి తేడా 6 ఫ్రేములు, అంటే 240 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ చేత వేవ్‌ఫామ్ మ్యాచింగ్ చేయిస్తే మధ్యలో కలిపి, రెండు చివర్లా మూడేసి ఫ్రేములు వదిలేసింది.

శాంపిల్ రేటు పొరపాటైతే తేడా నిమిషాల్లో ఉండేది. ఇది ఒకే వేగంతో పెరుగుతోంది కాబట్టి రెండు పరికరాల గడియారాలకీ పొత్తు కుదరడం లేదనుకుంటున్నాను. ఇంటర్వ్యూ అయితే మాటల మధ్య ఖాళీల్లో కోసి జరిపేవాణ్ణి. ఇక్కడ గుమ్మెట ఆగదు. రెండుచోట్ల కోసి చూశాను, తాళం తడబడినట్టు స్పష్టంగా తెలిసిపోతోంది. ఆ కళాకారుల చేతి పని అలా చెడిపోతుంటే మనసు ఒప్పుకోవడం లేదు.

మొత్తం ఆడియోను 0.0095 శాతం కుదించాలి. నా ఎడిటర్‌లో వేగం ఒక దశాంశం వరకే పడుతుంది. బయట `ffmpeg`తో చేద్దామంటే రెండు దారులు కనిపిస్తున్నాయి:

```
-af atempo=1.000095
-af asetrate=48004.56,aresample=48000
```

రెండో దాంట్లో `asetrate` పూర్ణాంకమే తీసుకుంటుంది, 48005 ఇవ్వాలి. శ్రుతి కూడా రవ్వంత పెరుగుతుంది, అది చెవికి తెలియదు.

గుమ్మెట దెబ్బల పదును పోకుండా ఉండాలంటే ఈ రెండింటిలో ఏది వాడాలి?