షాడెన్‌ఫ్రాయ్‌డె: ఒకసారి నవ్వించిన మాట మరోసారి ఎందుకు గుచ్చుకుంది?

నెకార్ ఒడ్డు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా బృందంలో ఒకాయన ట్రామ్‌లో టికెట్టు కొనననీ, మూడేళ్లలో ఒక్కసారీ దొరకలేదనీ గొప్పలు చెప్పుకునేవాడు. పోయిన నెల దొరికాడు, 60 యూరోలు కట్టాడు. ఎదుటివారి నష్టం చూసి కలిగే సంతోషానికి జర్మన్‌లో ఒక మాట ఉంది కదా, నేను ‘షాడెన్‌ఫ్రాయ్‌డె’ అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా. రెండు వారాల తర్వాత మరో సహోద్యోగిని కొత్త సైకిలు మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ సైకిలు ఎంత ఖరీదైనదో అంతకు ముందు రోజంతా చెప్పింది లెండి. అదే మాట అదే నవ్వుతో అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. తప్పు ఎక్కడ జరిగింది?

అక్షర

ఇందులో తెలియనిది ఏముంది? ఆ మాటకు తెలుగులో ‘పైశాచికానందం’ ఉండనే ఉంది. ఎదుటివారి బాధకు సంతోషించడం ఎప్పుడైనా క్రూరమే. మొదటిసారి మర్యాదకు నవ్వి ఉంటారు. అసూయ మానవ సహజమే గానీ షాడెన్‌ఫ్రాయ్‌డె దయ్యాల గుణం అని జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావరే రాశాడు. ఇంకా సందేహం ఎందుకు?

పాత పంతులు

ఇరవై ఏళ్లకు పైగా జర్మన్ బోధించాను కాబట్టి కాస్త పొడవుగా రాస్తాను, విసుక్కోకండి.

షోపెన్‌హావర్ అన్నమాట నిజమే. కానీ ఆయన నీతిశాస్త్రం రాస్తున్నాడు, నిఘంటువు కాదు. వాడుకలో ఈ మాట అంత నల్లగా ఉండదు. ‘షాడెన్’ అంటే నష్టం, చెడిపోవడం. కారుకు గీత పడితే బీమా కాగితం మీద రాసేదీ అదే మాట. ‘ఫ్రాయ్‌డె’ మామూలు సంతోషం. బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో పాడేది ఈ ఫ్రాయ్‌డె గురించే. ఈ రెండింటిలో పిశాచం ఎక్కడా లేదు.

పైశాచికానందం అన్నప్పుడు ఒకడు ఇంకొకడిని హింసిస్తూ ఆనందిస్తున్నట్టు మనకు తోస్తుంది. షాడెన్‌ఫ్రాయ్‌డె పడేవాడు సాధారణంగా ప్రేక్షకుడు. నష్టం దానంతట అది వస్తుంది, అతను పక్కన నిలబడి పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటాడు. ‘చుట్టకు నిప్పు అడిగాడట’ అనే సామెత కూడా దీనికి సరిపోదు. ఇల్లు కాలి ఏడుస్తున్నవాడిని నిప్పు అడిగినవాడికి సంతోషం లేదు, పట్టింపే లేదు.

ఇక నెకార్ ఒడ్డు గారూ, మీ రెండు సందర్భాలు పక్కపక్కన పెట్టండి. ట్రామ్ ఆయన నష్టం 60 యూరోలు. కడితే తీరిపోయింది. పైగా ఏ విషయంలో గొప్పలు చెప్పాడో సరిగ్గా అక్కడే దొరికాడు. అందుకే తనూ నవ్వగలిగాడు. సైకిలు ఆవిడ నష్టం ఒళ్లు నొప్పి. వారాల తరబడి కట్టుతో ఉండాలి. ఖరీదైన సైకిలు గురించి మాట్లాడటం నేరం కాదు, ఆ మాటలకూ మణికట్టుకూ సంబంధం లేదు. ఆ సంబంధాన్ని మీరు కలిపారు. అంటే ‘నువ్వు గొప్పలు పోయావు, అందుకే విరిగింది’ అన్నట్టు వినిపించింది. ఆ సైకిలే తాళం వేయని చోట పోయి ఉంటే కొందరైనా నవ్వేవారని నా అనుమానం.

శారద

క్షమించండి, ప్రశ్న సరిగ్గా ఇదేనో కాదో తెలియదు. మా ఆడపడుచు ఊరి బయట స్థలం కొని ఏడాది పాటు మమ్మల్ని చిన్నచూపు చూసింది. ఆ స్థలం వివాదంలో పడి కోర్టుకు వెళ్లింది. వినగానే నాకు లోపల సంతోషం కలిగింది, వెంటనే సిగ్గు వేసింది. ఆవిడ ముందు ‘అయ్యో’ అన్నాను. నేను చెడ్డదాన్నా?

పాత పంతులు

శారద గారూ, మీరు అడిగింది వేరే ప్రశ్న అయినా ఆ మాట సరిగ్గా అతికే చోటు మీదే. జర్మన్ తత్వవేత్త నీచే 1880లో దీని గురించి రాశాడు. మనకు లోపల ఏదో లోటు ఉన్నప్పుడు పక్కవాడికి కలిగిన నష్టం అతన్ని మన సమానానికి దించుతుంది, అసూయ చల్లారుతుంది అని ఆయన వాదన. మీ ఆడపడుచుకు చెడు జరగాలని మీరు కోరుకోలేదు, మెట్టు దిగడం చూశారు. ఇలాంటప్పుడు జర్మన్లు తమ గురించి ‘నేను కొంచెం షాడెన్‌ఫ్రో’ అని నవ్వుతూ ఒప్పుకుంటారు. అది విశేషణ రూపం. అదే ఎదుటివారిని ‘నువ్వు షాడెన్‌ఫ్రో’ అంటే నింద అవుతుంది. ఒప్పుకోలుగా తేలిక, ఆరోపణగా బరువు.

మధ్యవాది

పంతులు గారితో ఒక చోట నాకు పేచీ ఉంది. ట్రామ్ కథ అసలు షాడెన్‌ఫ్రాయ్‌డె కాదు. మనం టికెట్టు కొంటుంటే కొననివాడు పట్టుబడ్డాడు, న్యాయం జరిగింది. ‘తగిన శాస్తి’ అంటాం. దానికి జర్మన్‌లో ‘గెనూక్‌టూఉంగ్’ అని వేరే మాట ఉంది కదా?

పాత పంతులు

ఉంది, మంచి మాట తెచ్చారు. కానీ గెనూక్‌టూఉంగ్‌లో నవ్వు లేదు. ఇంట్లో దొంగతనం జరిగిన ఆవిడ, దొంగకు శిక్ష పడ్డ రోజున పొందేది అది. ఆవిడకు రావలసిన న్యాయం దక్కింది. ఆవిడ ముఖం చూసి ఎవరైనా ‘షాడెన్‌ఫ్రాయ్‌డె’ అంటే ఘోరమైన అవమానం. ఆవిడ న్యాయాన్ని చిల్లర సంతోషంగా మార్చినట్టు. ట్రామ్ ఆయన వల్ల నెకార్ ఒడ్డు గారికి సొంతంగా పోయింది ఏమీ లేదు. కాబట్టి అక్కడ గెనూక్‌టూఉంగ్ అంటే పెద్ద మాట అయ్యేది.

మధ్యవాది

ప్రయాణికులందరికీ పోయింది. ఇది నేను ఒప్పుకోను.

అక్షర

సరే, చిన్న నష్టాలు వదిలేయండి. చావు సంగతి ఏమిటి? శత్రువు చనిపోతే సంతోషించినవారినీ ఇదే మాట అంటారు కదా?

పాత పంతులు

సాధారణంగా అనరు. చావు ముందు ఈ మాట చాలా చిన్నది. 1977 ఏప్రిల్‌లో పశ్చిమ జర్మనీ ఫెడరల్ ప్రధాన ప్రాసిక్యూటర్ ఝీగ్‌ఫ్రీడ్ బూబాక్‌ను రెడ్ ఆర్మీ ఫ్రాక్షన్ అనే వామపక్ష తీవ్రవాద ముఠా కాల్చి చంపింది. అదే నెలలో గోటింగెన్ విద్యార్థి పత్రికలో ‘మెస్కలేరో’ అనే మారుపేరుతో ఒక వ్యాసం వచ్చింది. ఆ వార్త విన్నప్పుడు తనకు కలిగినదాన్ని రచయిత ‘క్లామ్‌హైమ్‌లిషె ఫ్రాయ్‌డె’ అన్నాడు. ఎవరికీ తెలియనివ్వకుండా దాచుకునే సంతోషం అని. దేశమంతా అట్టుడికింది, కేసులు నడిచాయి. వ్యాసం చివరికి హింసను కాదంటుంది, కానీ చాలామందికి ఆ రెండు మాటలే గుర్తుండిపోయాయి. అతను షాడెన్‌ఫ్రాయ్‌డె అనకపోవడం నాకు గమనించదగ్గ విషయంగా తోస్తుంది. ఆ మాటకు ఉన్న అల్లరి నవ్వు అక్కడ పనికిరాదు.

గవ్వలపెట్టె

పంతులు గారూ, నష్టం చేసేది మనం కాదు అన్నారు. మరి ‘మెన్ష్ ఎర్గెరె డిష్ నిష్ట్’ ఆట సంగతి? మన పచ్చీసు నుంచి పుట్టి 1914 నుంచి జర్మన్ ఇళ్లలో ఆడుతున్నది. పేరుకే ‘మనిషీ, కోపగించుకోకు’ అని అర్థం. ఎదుటివాడి కాయ ఇంటి గుమ్మం దగ్గర ఉండగా కొట్టి మొదటికి పంపినప్పుడు వచ్చే నవ్వును మా జర్మన్ పొరుగువారు షాడెన్‌ఫ్రాయ్‌డె అనే అంటారు. కొట్టింది మనమే కదా!

పాత పంతులు

దొరికిపోయాను. పాచిక కొట్టింది, నేను కాయ జరిపానంతే అని తప్పించుకోవచ్చు గానీ మా మనవడు కూడా ఒప్పుకోడు. ‘సాధారణంగా’ అన్న మాటను నా మొదటి జవాబులో రెండుసార్లు చదువుకోండి.

నెకార్ ఒడ్డు

నిన్న ఆవిడ దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాను. ‘ఆ మాటకు కాదు, నువ్వు అన్నాక నాకు టైపు చేయడంలో సాయం చేస్తావేమో అనుకున్నాను, చేయలేదు, అందుకు కోపం వచ్చింది’ అంది. ఇప్పుడు రోజూ ఆవిడ ఈమెయిళ్లు నేనే టైపు చేస్తున్నాను. ట్రామ్ ఆయన అది చూసి నవ్వుతున్నాడు.