అప్‌డేట్: డ్రయ్యర్‌లో కురచవుతున్న కాటన్, వదులవుతున్న ఎలాస్టిక్

నా ప్రశ్న: "డ్రయ్యర్‌లో వేస్తే కాటన్ టీషర్టు ఎందుకు కురచవుతోంది, ఎలాస్టిక్ ఎందుకు వదులవుతోంది, ఆ వేడికి ఏ బట్టలు ఆగుతాయి?"

మీరు సూచించినట్టు కొత్త టీషర్టును ఉతకడానికి ముందూ, డ్రయ్యర్‌లో ఆరిన తరువాతా టేపుతో కొలిచాను. పొడవు 70 సెంటీమీటర్ల నుంచి 67కు తగ్గింది, వెడల్పు దాదాపు మారలేదు. తయారీలో గుడ్డను పొడవునా లాగి ఉంచుతారు కాబట్టి, నీటికి ఉబ్బిన నూలు డ్రమ్ములో దొర్లుతున్నప్పుడు ఆ బిగువు వదిలి, అల్లిక ఉచ్చులు దగ్గరకు జరుగుతాయి. అంటే వేడికన్నా తడి, కదలిక కలిసి చేసే పనే ఇక్కడ ఎక్కువ. అందుకే నీడన పరిచి ఆరబెట్టిన టీషర్టు తక్కువగా కుంచించుకుపోతుంది.

ఎలాస్టిక్‌కు మాత్రం వేడే శత్రువు. రబ్బరు, స్పాండెక్స్ పోగులు వేడికి క్రమంగా సాగే గుణాన్ని కోల్పోతాయి. పట్టీని లాగి వదిలినప్పుడు అది పూర్తిగా వెనక్కి రాకపోయినా, లోపల చిటపటమన్నా పోగులు తెగుతున్నట్టే.

పాలిస్టర్ నీటిని అంతగా పీల్చదు కనుక మధ్యస్థ వేడిలో నిలకడగా ఉంటుంది. కాటన్ తువ్వాళ్లు కొంత కురచైనా ఫరవాలేదు. ఉన్ని, పట్టు వేయకూడదు. లేబుల్‌పై చతురస్రంలోని వృత్తంలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే సాధారణ వేడి.