ఇంటర్న్ ఫామ్‌లో ‘చొరవ’కి 3, రాతకి 2 పడ్డాయి. చివరి ఫామ్‌కి ఇంకా ఐదు వారాలుంది

భార్గవి:
అందరికీ నమస్తే. నాది బీటెక్ ఆఖరి సెమిస్టర్. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీలో, టెస్టింగ్ టీంలో ఇంటర్న్‌గా చేస్తున్నాను. మొత్తం 16 వారాలు, 11 అయిపోయాయి. మధ్యలో ఇచ్చే రివ్యూ ఫామ్ మొన్న చేతికొచ్చింది. అటెండెన్స్‌కి 5, నేర్చుకునే తీరుకి 4, టీంతో కలుపుగోలుతనానికి 4 వేశారు. పని నాణ్యతకి 3, చొరవకి 3, పనిని రాసిపెట్టే తీరుకి, అంటే రాతకి, ఏకంగా 2.

ఒక్క లీవ్ పెట్టలేదండీ. తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉంటాను. ఇచ్చిన పని ఏదీ మరుసటి రోజుకి మిగల్చలేదు. అయినా ఇలా ఎందుకు వేశారో అర్థం కావట్లేదు. మా లీడ్ మంచాయనే, కన్నడిగ, ఎప్పుడూ విసుక్కోరు. నేరుగా అడగాలంటేనే నాకు మొహమాటం. ఫామ్ నింపేవాళ్లు అసలు ఏం చూస్తారు? ఇక్కడ నింపే అలవాటున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వినయ్:
సింపుల్ భార్గవీ, నువ్వు కనిపించట్లేదు. నేను పోయినేడు వైట్‌ఫీల్డ్‌లో ఇంటర్న్‌గా చేశాను. మేనేజర్ వెళ్లేదాకా నేనూ కూర్చునేవాణ్ని, పొద్దున్నే జరిగే స్టాండప్ మీటింగ్‌లో రోజూ ఏదో ఒకటి మాట్లాడేవాణ్ని, లంచ్ కూడా వాళ్లతోనే. అన్నీ 4, 5లే పడ్డాయి. పని అందరూ చేస్తారు, మొహం గుర్తుండాలి.

పద్మజ:
భార్గవీ, నేను మారతహళ్ళి దగ్గర ఒక కంపెనీలో టెస్ట్ లీడ్‌ని. ఏటా ముగ్గురు నలుగురు ఇంటర్న్‌లకి ఈ ఫామ్‌లు నింపుతాను. మా దగ్గర ఎలా జరుగుతుందో ఉన్నదున్నట్టు చెబుతా.

హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది, శుక్రవారంలోగా పంపమని. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి గుర్తొస్తుంది. ఒక్కో ఫామ్‌కి పావుగంట పెడితే గొప్ప. అప్పుడు నా బుర్రలో ఉండేది ఆఖరి రెండు మూడు వారాల సంగతే. అంతకు ముందుది గుర్తు తెచ్చుకోవడానికి బగ్‌లు నమోదు చేసే టికెట్ల బోర్డు తెరుస్తాను, చాట్ పైకి జరిపి చూస్తాను. ఒక్కో వరుసకీ నాకు ఒక సంఘటన గుర్తుకి రావాలి. ‘చొరవ’ అని చదవగానే “ఆ రోజు ఈ పిల్ల ఇది చేసింది” అని తడితే 4 గానీ 5 గానీ వేస్తాను. ఏదీ తట్టకపోతే 3. అది కోపంతో వేసిన 3 కాదు, ఏమీ గుర్తురాక వేసిన 3. పైగా మా ఫామ్‌లో 5 వేసినా 1 వేసినా కారణం రాయాలి, లేకపోతే ముందుకి కదలదు. రాయడానికి ఏమీ దొరక్కపోతే చెయ్యి తనంతట తానే 3 మీదికో 4 మీదికో పోతుంది.

కాబట్టి వినయ్ సగం కరెక్ట్. గుర్తుండాలన్నది నిజం. కానీ రాత్రి ఎనిమిది దాకా కూర్చున్నందుకు నేను ఏ వరుసలో మార్కు వెయ్యాలి? ఫామ్‌లో అలాంటి గడి లేదు. ఆ టైంలో ఏం చేశాడో తెలిస్తేనే దానికి లెక్క.

రాతకి 2 పడిందంటే మాత్రం అది మరుపు కాదు. 2 ఊరికే వెయ్యరు, ఆయనకి ఏదో గుర్తుంది. నువ్వు పెట్టిన బగ్‌లలో ఎన్ని వెనక్కి వచ్చాయో లెక్కపెట్టి చెప్పు.

మనోజ్:
నా డౌట్ కూడా ఇదే అక్కా. నేను చెన్నై దగ్గర ఒరగడంలో, మెకానికల్ ఇంటర్న్. మా సార్ షాప్ ఫ్లోర్‌లో బిజీ. ఫామ్ ఇస్తే “నువ్వే నింపుకో, నేను సంతకం పెడతా” అన్నారు. అన్నీ 5 వేసుకోవచ్చా? ఇంకోటి, స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ అయితే ఫామ్‌లో మార్కులు తక్కువ వేస్తారా?

వినయ్:
స్టైపెండ్‌కీ దీనికీ ఏం సంబంధం బ్రో. అన్నీ 5 వేసెయ్, ఎవరు చూస్తారు.

భార్గవి:
పద్మజక్కా, ఇప్పుడే కూర్చుని చూశాను. మొత్తం 23 బగ్‌లు పెట్టాను. అందులో 9 “వివరాలు కావాలి” అని వెనక్కి వచ్చాయి. డెవలపర్ అడిగితే కుర్చీ దగ్గరికి వెళ్లి నోటితో చెప్పేసేదాన్ని. సమస్య తీరిపోయేది కదా అనుకున్నా. ఉదాహరణకి ఒకటి “Coupon not working” అని పెట్టాను, కింద ఒక స్క్రీన్‌షాట్. అంతే.

పద్మజ:
ఇదిగో, నీ 2 ఇక్కడే ఉంది. ‘నాణ్యత’కి పడిన 3 కూడా చాలామటుకు ఇక్కడిదే. నువ్వు వెళ్లి నోటితో చెప్పింది డెవలపర్‌కి మేలు చేసింది, కానీ మీ లీడ్ బోర్డు తెరిస్తే కనిపించేది 23లో 9 తిరుగుటపా. ఆయన నీ మాటలు వినలేదు, బోర్డు చూశారు.

ఆ కూపన్ సంగతి పూర్తిగా చెప్పు. ఏ కూపన్, బిల్లు ఎంత, ఏ ఫోన్, ప్రతిసారీ వస్తోందా?

భార్గవి:
WELCOME50 అనే కూపన్ అక్కా. 500 రూపాయలు, ఆపైన కొంటే 50 తగ్గాలి. నాకు సరిగ్గా 500 బిల్లుకి తీసుకోలేదు. తర్వాత 510కి తీసుకుంది. రెండు ఫోన్లలోనూ అదే. డెవలపర్‌కి చెబితే ‘500 కన్నా ఎక్కువ’ అని రాశాడట, ‘500 గానీ ఎక్కువ గానీ’ అని ఉండాల్సింది. ఐదు నిమిషాల్లో సరిచేశాడు.

పద్మజ:
చూశావా, నువ్వు పట్టింది మంచి బగ్. సరిగ్గా హద్దు మీద పరీక్షించావు, ఆ మాట మాత్రం ఎక్కడా రాయలేదు. శీర్షిక ఇలా ఉండుంటే ఎవరూ వెనక్కి పంపేవాళ్లు కాదు:

```
Coupon WELCOME50 rejected when cart total is exactly 500
```

దాని కింద నాలుగు సంగతులు చాలు. యాప్ ఏ వెర్షన్, ఏ ఫోన్. ఏం చేస్తే వస్తుందో వరుసగా. ఏం జరగాలి, ఏం జరిగింది. 510కి పనిచేస్తోందన్న మాట కూడా. ఆ ఆఖరిది చదవగానే డెవలపర్‌కి ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది. రాయడానికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ఇక చొరవ. మిగతా కూపన్లకి కూడా ఇదే తప్పు ఉందేమోనని చూశావా?

భార్గవి:
చూశానక్కా! ఇంకో రెండింటికి ఉంది. అవి కూడా డెవలపర్‌కి నోటితోనే చెప్పాను. టికెట్ పెట్టలేదు, ఆయన ఒకేసారి సరిచేస్తానన్నాడు.

పద్మజ:
నువ్వు చొరవ చూపించావు, ఆ సంగతి మీ లీడ్‌కి తెలియలేదు. చాలామంది ఇంటర్న్‌లు చొరవ అంటే కొత్త టూల్ తెచ్చిపెట్టడం, పెద్ద ఐడియా చెప్పడం అనుకుంటారు. నేను చూసేది అది కాదు. చెప్పిన పని పక్కనున్నది కూడా చూసిందా, చూసి ఊరుకోకుండా నాకు చెప్పిందా. ఇంకొకటి, ఇరుక్కున్నప్పుడు ఎంతసేపటికి, ఎలా అడిగింది. “మేడమ్, లాగిన్ అవ్వట్లేదు” అని చాట్ పెట్టి నా జవాబు కోసం గంట కూర్చునేవాళ్లున్నారు. “పదింటి నుంచి లాగిన్‌కి 401 ఎర్రర్ వస్తోంది, కొత్త టోకెన్‌తో చూశాను, ఇంకో అకౌంట్‌తోనూ అదే, ఈలోగా పేమెంట్ పేజీ కేసులు చేస్తున్నా” అని పెట్టేవాళ్లూ ఉన్నారు. రెండో మెసేజ్ ఒక్కటి నాకు చొరవ, రాత, టైం వాడకం మూడు వరుసలకీ పనికొస్తుంది. దాన్నే కామెంట్ గడిలో రాసేస్తాను.

ఇప్పుడు చెయ్యాల్సింది: ప్రతి శుక్రవారం మీ లీడ్‌కి నాలుగైదు లైన్ల మెసేజ్ పెట్టు. ఈ వారం ఏం చూశాను, ఏం దొరికింది, టికెట్ నంబర్లు, వచ్చే వారం ఏం చూస్తాను. పొగుడుకోవద్దు, నంబర్లు చాలు. ఐదు వారాలంటే ఐదు మెసేజ్‌లు. ఫామ్ నింపే రోజు ఆయన చాట్ పైకి జరిపితే అవే తగులుతాయి.

మొహమాటం గురించి: “నాకెందుకు 3 వేశారు” అని అడగకు, ఆయన తన అంకెని సమర్థించుకునే పనిలో పడతారు. “రాతలో 2 నుంచి 4కి రావాలంటే నా టికెట్లలో ఏం మారాలి, ఒకటి తెరిచి చూపిస్తారా” అని అడుగు. పావుగంట చాలు.

సత్యనారాయణ:
నేను గుంటూరు వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను, ఇంటర్న్‌షిప్‌లు చూసే పని కూడా నాదే. అమ్మా భార్గవీ, నువ్వు చెబుతున్నది కంపెనీ ఫామ్. ఆంధ్ర కాలేజీ అయితే నీకు ఉన్నత విద్యామండలి ప్రోగ్రామ్ బుక్ కూడా ఉంటుంది కదా, అందులో సూపర్‌వైజర్ నింపే పేజీ వేరే. దాన్ని మరిచిపోకు.

ఆ పేజీలో 1 తక్కువ, 5 ఎక్కువ అని మాత్రమే ఉంటుంది, ఏ అంకెకి ఏ అర్థమో ఉండదు. కంపెనీల్లో చాలాచోట్ల 3 అంటే ‘ఆశించినంత చేశారు’, అంటే వాళ్ల లెక్కలో బాగున్నట్టే. అదే అలవాటుతో మన పుస్తకంలోనూ 3లు వేస్తారు. ఇక్కడ చదివేవాళ్లకి అది ఐదుకి మూడులా, నూటికి అరవైలా కనిపిస్తుంది. కాలేజీలో దీన్ని ఎలా చదువుతారో నింపేముందు మర్యాదగా ఒక్క మాట చెప్పడం తప్పేం కాదు. మార్కులు వెయ్యమని అడగొద్దు, కొలత చెప్పు.

ఇంకొకటి. ఆ పేజీలో సమాజంతో మెలగడం, సమాజాన్ని అర్థం చేసుకోవడం అనే వరుసలున్నాయి. బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆయనకి అవేంటో బోధపడవు. మా విద్యార్థి ఒకడికి అక్కడ రెండు 1లు పడ్డాయి. పిల్లాడు తప్పు చేసి కాదు, ఆయనకి ఏం వెయ్యాలో తోచక. కస్టమర్ కాల్స్ విన్నావా, యాప్ వాడేవాళ్ల ఫిర్యాదులు చదివావా? అదే అక్కడ చెప్పుకోదగ్గది, పక్కన కూర్చుని గుర్తుచెయ్యి. ఆ పుస్తకంలోని రోజువారీ లాగ్ సంతకాలు కూడా ఆఖరి రోజు ఒకేసారి పెట్టించకు. ఒకే ఇంకు, ఒకే వాలు, మాకు చూడగానే తెలుస్తుంది.

మనోజ్:
సార్, మరి నా సంగతి? నింపుకోమన్నారు కదా.

సత్యనారాయణ:
నువ్వు నింపితే అది నీ ఫామ్, ఆయనది కాదు. వరుస వరుసలూ 5లే ఉన్న పేజీ వస్తే నేను వైవాలో అక్కడి నుంచే మొదలుపెడతాను.

పద్మజ:
నేనైతే ఇంకోలా చెబుతా. మనోజ్, అంకెలు వెయ్యకుండా ఒక కాగితం మీద ప్రతి వరుసకీ ఒక్కో లైన్ రాసివ్వు. ఏ మెషిన్ దగ్గర ఏం కొలిచావు, రిజెక్షన్ ఎందుకొస్తోందో ఎవరికి చెప్పావు, అలా. అది పెట్టుకుని అంకెలు ఆయన్నే వెయ్యమను, ఐదు నిమిషాల పని. షిఫ్ట్ మారే టైంలో మాత్రం అడగొద్దు.

వినయ్:
మాటలకి బాగుంది మేడమ్, షాప్ ఫ్లోర్‌లో ఆ ఐదు నిమిషాలు కూడా ఇవ్వరు. మా ఫ్రెండ్స్ సగం మంది సొంతంగా నింపుకున్నవాళ్లే, ఎవరికీ ఏం కాలేదు.

సత్యనారాయణ:
ఏం కాకపోవచ్చు వినయ్. అలా అని నేను ఒప్పుకోలేను.

భార్గవి:
అప్‌డేట్. ఈరోజు టీ టైంలో మా లీడ్‌ని పద్మజక్క చెప్పినట్టే అడిగాను. ఆయన నా టికెట్లు రెండు తెరిచి, “ఇది చదివి నేను ఈ బగ్‌ని మళ్లీ తెప్పించగలనా?” అని అడిగారు. రెండూ తెప్పించలేకపోయారు, నేను కూడా ఒకదాన్ని తెప్పించలేకపోయాను, ఏం చేశానో మరిచిపోయా! కూపన్ల సంగతి చెబితే, మిగతా రెండూ నువ్వు పట్టినవా, డెవలపరే చూసుకున్నాడనుకున్నా అన్నారు. ఆ 9 టికెట్లు ఈ వారాంతంలో తిరగరాస్తున్నా. పాత ఫామ్‌లో 2 మాత్రం మారదట, అది హెచ్‌ఆర్‌కి వెళ్లిపోయింది.

సత్యనారాయణ గారూ, లాగ్‌లో 11 వారాలకి గాను నాకు ఏడు వారాల సంతకాలే ఉన్నాయి. మిగతా నాలుగూ ఇప్పుడు ఏ తేదీతో పెట్టించాలి?

సత్యనారాయణ:
ఈరోజు తేదీతోనే. ఆలస్యం అయిందని పక్కన రాయించు.