డ్రాఫ్ట్ పూర్తయ్యాక రివర్స్ అవుట్‌లైన్: నిజంగా ఉపయోగమేనా?

మధుర_ర: గ్రంథాలయాలు రాత్రిపూట కూడా తెరిచి ఉంచాలని ఒక వ్యాసం రాశాను, 11 పేరాలు. చదివినవాళ్లు "బాగుంది కానీ సాగదీశావు" అంటున్నారు. రివర్స్ అవుట్‌లైన్ చేస్తే, అంటే రాసేశాక ఒక్కో పేరాలో ఏముందో వరుసగా జాబితా వేసుకుంటే, ఏ పేరా దండగో తెలుస్తుందట. నిజమేనా?

పాత కలం: అలా ఏమీ తెలియదు. చేసి చూశాను. పేరాకో ముక్క రాసుకుంటే "చరిత్ర, ఖర్చు, భద్రత" అని ఒక జాబితా వస్తుంది. చూస్తే అన్నీ కావలసినవే అనిపిస్తాయి.

వాక్యమిత్ర: అలా రాస్తే అంతే అవుతుంది. "ఖర్చు" అంటే ఆ పేరా దేని గురించో తెలుస్తుంది, ఏం చెబుతోందో తెలియదు. పేరాకో పూర్తి వాక్యం రాయండి: "రాత్రి తెరిస్తే ఖర్చు పెరిగేది సిబ్బంది జీతాల దగ్గరే." దాని పక్కన రెండో వాక్యం: ఆ పేరా అక్కడ ఏం పని చేస్తోంది? కారణం చూపుతోందా, అభ్యంతరానికి జవాబిస్తోందా? ఈ రెండోది రాయలేక పెన్ను ఆగిందంటే ఆ పేరాని అనుమానించాలి.

తీరికలేని_రవి: రాయడానికి ముందు ప్లాన్ వేసుకోవడం నాకు ఎప్పుడూ కుదరదండీ. రాస్తూ పోతేనే వస్తుంది.

వాక్యమిత్ర: ఇది రాశాక చేసేది రవి గారూ. మీలాంటివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

మధుర_ర: చేశాను. ఇబ్బంది పెట్టినవి ఇవి:
2 – గ్రంథాలయాలు ఎలా పుట్టాయో చెబుతుంది. (పని: ?)
4 – ఇంట్లో చదువుకునే చోటు చాలామందికి ఉండదు. (కారణం)
5 – తక్కువ సిబ్బందితో నడపొచ్చు. (జవాబు)
6 – ఖర్చు, భద్రత రెండూ. (ఒక్క వాక్యంలో ఇమడలేదు)
7 – ఇంట్లో ప్రశాంతత ఉండదు. (కారణం)
9 – ఖర్చు పెరుగుతుందనే అభ్యంతరం.

శ్రావణి_క: 4, 7 ఒకటే మాట. ఒకటి తీసేయండి, పని అయిపోతుంది.

వాక్యమిత్ర: తీసేసే ముందు ఒకసారి ఆగాలి. వాక్యాలు ఒకలా ఉన్నా లోపలి ఆధారాలు వేరు కావచ్చు. 7లో ఉదాహరణ ఉండి 4లో ఉత్త మాటే ఉంటే, ఉదాహరణని 4లోకి తెచ్చి 7ని కొట్టేయాలి. కానీ మధుర గారూ, మీ అసలు చిక్కు 5, 9 దగ్గర ఉంది. అభ్యంతరం 9లో వస్తోంది, జవాబు 5లోనే ఇచ్చేశారు. 5 చదివేటప్పుడు అది ఎందుకు చెబుతున్నారో పాఠకుడికి అర్థం కాదు, 9కి వచ్చేసరికి జవాబు గుర్తుండదు. సాగదీశారని అన్నది దీనికే అయ్యుంటుంది. ఇక్కడ పేరాలు దండగ కావు, వరుస తప్పింది. 6ని రెండుగా విడదీసి, అందులోని ఖర్చు ముక్కని 9లో కలిపి, ఆ వెంటనే 5 పెట్టండి.

పాత కలం: మరి 2? కొట్టేయమంటారు, అంతేగా!

వాక్యమిత్ర: పని రాయలేకపోతే కొట్టేయమనే అంటాను.

పాత కలం: ఇదే నేను చెప్పేది! నా వ్యాసంలో మా తాతగారి బల్ల గురించి ఒక పేరా ఉండేది. ఒక ఎడిటర్ ఇదే జాబితా వేసి "ఈ పేరాకి పని లేదు" అని తీసేశారు. అచ్చులో వచ్చింది ఎండుకట్టె. పాఠకుణ్ని కాసేపు కూర్చోబెట్టడం పని కాదా? మీ రెండో వాక్యంలో కారణం, జవాబు, ఉదాహరణ తప్ప ఇంకేమీ రాయకూడదా?

వాక్యమిత్ర: రాయకూడదని నేనెక్కడ అన్నాను? మీ కోపం ఎడిటర్ మీద, కొడుతున్నది పద్ధతిని.

పాత కలం: ఎడిటర్ చేతిలో ఉన్నది పద్ధతే కదా! ఏది పనో ఎవరు తేల్చాలి అన్నదే నా ప్రశ్న. రాసినవాడా, జాబితా వేసేవాడా?

శ్రావణి_క: రాసినవాళ్లే తేలిస్తే ప్రతి పేరాకీ ఏదో ఒక పని దొరుకుతుంది లెండి. "వాతావరణం కల్పిస్తుంది" అని రాసుకుంటే చాలు.

వాక్యమిత్ర: అది నిజమే, ఈ పద్ధతిలో బలహీనత అదే. రాసినవాళ్లు పేజీలో ఉన్నది కాకుండా, రాద్దామనుకున్నది జాబితాలో రాసేస్తారు. అందుకే వ్యాసాన్ని అంతవరకు చదవనివాళ్లకి ఇచ్చి, చదివాక వాళ్ల చేత ఆ వాక్యాలు రాయించి, మనవాటితో పోల్చాలి. తేడా వచ్చిన పేరాలో మన ఉద్దేశం కాగితం మీదికి రాలేదన్నమాట. తాతగారి బల్ల విషయంలోనూ ఇదే చేయొచ్చు. కొత్తవాళ్లు "ఇక్కడ రచయిత మీద నమ్మకం కలిగింది" అని రాస్తే ఆ పేరా ఉండాల్సిందే. కథకైతే నేను ఈ జాబితా వేయను, వాదించే వ్యాసానికే.

పాత కలం: నాది వాదించే వ్యాసమే. అయినా బల్ల కావాలి.

మధుర_ర: మా చెల్లికి ఇచ్చాను. 2 దగ్గర "ఒకప్పుడు పుస్తకాలు కొందరికే అందేవని చెబుతోంది" అని రాసింది. నేనలా అనుకుని రాయలేదు. కానీ అది 4కి ముందుమాటలా ఉంది. దాన్ని రెండు వాక్యాలకి కుదించి 4 మొదట్లో పెడుతున్నా. 9, 5 కలిపాను. 6లోని భద్రత ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.